నాన్నగారి ఆపరేషన్‌కి ఇంటికి వెళ్ళాలి: అమెరికాలో ఆఫీసుకి అదనపు సెలవు ఎలా అడగాలి

అమెరికాలో హెచ్‌1బీ మీద పనిచేస్తున్నారు, ఊళ్ళో నాన్నగారికో అమ్మకో పెద్ద ఆపరేషన్ అన్నారు, మీ దగ్గర ఉన్న సెలవులు వారం మించి లేవు, కానీ అక్కడ కనీసం మూడు వారాలు ఉండాలి. ఇలాంటప్పుడు మేనేజర్‌కీ హెచ్‌ఆర్‌కీ ఏం రాయాలి, ఏ వరసలో రాయాలి, డాక్టర్ దగ్గర్నుంచి ఏం తెప్పించుకోవాలి అన్నదే ఇక్కడ చెప్తున్నాను. స్నేహితులకి ఇలాంటి మెయిళ్ళు రాసిపెట్టాను, వాళ్ళు రాసుకున్నవి సరిదిద్దాను కూడా. దాదాపు అందరూ ఒకేచోట ఇబ్బంది పడతారు: టికెట్ చూసుకుని తేదీలు రాస్తారు. తేదీలు టికెట్ నుంచి కాదు, సర్జన్ దగ్గర్నుంచి రావాలి. ఆ ఒక్కటి సరిచేసుకుంటే మిగతా ఉత్తరం దాదాపు దానంతటదే వస్తుంది.

ఒక ఉదాహరణ పట్టుకుని పోదాం. రవి అనుకోండి, టెక్సాస్‌లో ఇర్వింగ్‌లో ఉంటాడు, ఓ పెద్ద కంపెనీలో మూడేళ్ళుగా పని. నాన్నగారికి 66 ఏళ్ళు, తెనాలిలో ఉంటారు. ఫిబ్రవరి 18 బుధవారం గుంటూరులో యాంజియోగ్రామ్ చేసి, మూడు చోట్ల బ్లాకులున్నాయి, స్టెంట్లు కుదరవు, బైపాస్ చేయాలి అన్నారు. ఆపరేషన్ మార్చి 9 సోమవారం. రవి దగ్గర మిగిలిన పీటీవో ఏడు రోజులు.

ముందు రోజులు లెక్కపెట్టండి

మెయిల్ తెరవకముందే ఆస్పత్రికి వెళ్ళే మనిషితో, అంటే మీ అన్నయ్యో బావగారో ఎవరుంటే వాళ్ళతో, సర్జన్‌ని ఈ నాలుగూ అడిగించండి. ఎప్పుడు అడ్మిట్ అవ్వాలి? ఆపరేషన్ తర్వాత ఆస్పత్రిలో ఎన్ని రోజులు? ఇంటికి వచ్చాక ఎన్ని రోజులు పక్కన మనిషి ఉండాల్సిందే? తేదీ వాయిదా పడే అవకాశం ఉందా, ఉంటే ఎందుకు?

నాలుగోది ఎవరూ అడగరు, అసలు ఇబ్బంది అక్కడే వస్తుంది. బైపాస్ తేదీలు వెనక్కి జరగడం మామూలే. నాన్నగారు క్లోపిడోగ్రెల్ లాంటి మందు వాడుతుంటే దాన్ని సాధారణంగా ఐదు రోజుల ముందు ఆపిస్తారు, మధ్యలో ఎవరో మర్చిపోయి ఒక మాత్ర ఇచ్చారంటే తేదీ వెనక్కి పోవచ్చు. షుగర్ అదుపులోకి రాకపోయినా, జ్వరమో దగ్గో వచ్చినా, పంటిలో ఇన్‌ఫెక్షన్ కనిపించినా అంతే. మీరు మార్చి 9 అని ఒక్క తేదీ నమ్ముకుని సెలవు అడిగి, అది 16కి మారితే, ఆపరేషన్ అయిన నాలుగో రోజుకే తిరుగు ప్రయాణం గురించి టెన్షన్ పడాల్సి వస్తుంది.

రవికి వచ్చిన జవాబులివి. మార్చి 7 శనివారం అడ్మిషన్, 9న ఆపరేషన్, రెండు మూడు రోజులు ఐసీయూ, తర్వాత వార్డు, అంతా బాగుంటే 16న డిశ్చార్జ్. ఇంటికొచ్చాక మొదటి రెండు వారాలూ మనిషి తోడు తప్పదు, ఎందుకంటే ఛాతీ ఎముక కోసి మళ్ళీ వైరుతో కడతారు, అది అతికేదాకా చేతుల మీద బరువు వేసి లేవకూడదు, బకెట్ ఎత్తకూడదు. మంచం మీంచి లేవాలన్నా ఒకరు వీపు పట్టుకోవాలి. స్నానానికీ, మందులు వేళకి ఇవ్వడానికీ, రోజూ కాసేపు నడిపించడానికీ, కుట్టు ఎర్రబడిందా చీము పట్టిందా అని చూడటానికీ మనిషి కావాలి. 23న రివ్యూ. వాయిదా పడితే వారం లోపే ఉంటుందన్నారు.

ఇప్పుడు లెక్క. రవి మార్చి 5 గురువారం పని ముగించుకుని సాయంత్రం బయల్దేరితే 7 తెల్లవారుజామున హైదరాబాద్‌లో దిగి, మధ్యాహ్నానికి గుంటూరు చేరతాడు. మార్చి 28 శనివారం తిరుగు ప్రయాణం, 30 సోమవారం ఆఫీసు. పోయే పనిదినాలు: 6వ తేదీ ఒకటి, తర్వాత మూడు వారాలకి పదిహేను, మొత్తం పదహారు. పీటీవో ఏడు పోగా తొమ్మిది రోజులు అదనం. తేదీ వాయిదా పడితే ఇంకో ఐదు, అంటే ఏప్రిల్ 3 వరకు. ఉత్తరంలో ఈ అంకెలే ఉండాలి. "ఓ నెల రోజులు", "కొన్ని వారాలు" అని రాశారంటే మేనేజర్ ప్లాన్ చేసుకోలేడు, ప్లాన్ చేసుకోలేనిదానికి ఎవరైనా వెంటనే సరే అనరు.

తిరుగు తేదీ రాసేముందు పాస్‌పోర్ట్ తెరిచి వీసా స్టాంప్ చూసుకోండి. ఐ-797 మీద గడువు ఉండటం వేరు, పాస్‌పోర్ట్‌లో స్టాంప్ ఉండటం వేరు. ఇండియా వెళ్ళి మళ్ళీ అమెరికాలో అడుగుపెట్టాలంటే స్టాంప్ గడువులో ఉండాలి. అయిపోయి ఉంటే కాన్సులేట్‌లో కొత్త స్టాంపింగ్ వేయించుకునేదాకా రాలేరు, ఆ అపాయింట్‌మెంట్ మీ చేతిలో ఉండదు. అలాంటప్పుడు "మార్చి 30కి వస్తాను" అని మాట ఇవ్వకండి. కంపెనీ ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో ముందు మాట్లాడి, స్టాంపింగ్ అవసరమని హెచ్‌ఆర్‌కి మొదటి మెయిల్‌లోనే చెప్పండి. హెచ్‌1బీ ఎక్స్‌టెన్షన్ ఏదైనా పెండింగ్‌లో ఉన్నా ఇదే మాట, లాయర్‌ని అడగకుండా విమానం ఎక్కొద్దు.

మీరు అడుగుతున్నది దయా, హక్కా?

ఇది తెలియకపోతే ఉత్తరం స్వరమే తప్పిపోతుంది. అమెరికాలో 1993 నుంచి ఫ్యామిలీ అండ్ మెడికల్ లీవ్ యాక్ట్ అనే చట్టం ఉంది, ఆఫీసుల్లో ఎఫ్‌ఎంఎల్‌ఏ అంటారు. తల్లికో తండ్రికో తీవ్రమైన అనారోగ్యం ఉండి, చూసుకోడానికి మీరు అవసరమైతే ఏడాదిలో 12 వారాల వరకు జీతం లేని సెలవు ఇవ్వాలి, తిరిగి వచ్చాక అదే ఉద్యోగమో దానికి సమానమైనదో ఇవ్వాలి, సెలవులో ఉన్నన్నాళ్ళూ హెల్త్ ఇన్సూరెన్స్ కొనసాగించాలి (మీ వాటా ప్రీమియం మీరు కట్టాలి). వీసా మీద ఉన్నవాళ్ళకీ వర్తిస్తుంది. రాత్రి ఆస్పత్రిలో ఉండాల్సిన ఆపరేషన్ ఏదైనా తీవ్రమైన అనారోగ్యం కిందికే వస్తుంది కాబట్టి బైపాస్ గురించి వాదన అక్కర్లేదు.

మీకు వర్తించాలంటే మూడు ఉండాలి. ఆ కంపెనీలో 12 నెలలు పూర్తయి ఉండాలి, గడిచిన 12 నెలల్లో 1,250 గంటలు పనిచేసి ఉండాలి, మీ పనిచోటుకి 75 మైళ్ళ లోపల ఆ కంపెనీకి కనీసం 50 మంది ఉద్యోగులు ఉండాలి. ఇంటి నుంచి పనిచేసేవాళ్ళకి ఇల్లు పనిచోటు కాదు, మీరు రిపోర్ట్ చేసే ఆఫీసో మీకు పని అప్పగించే ఆఫీసో లెక్క. మనవాళ్ళు చాలామంది కన్సల్టెన్సీ ద్వారా క్లయింట్ దగ్గర పనిచేస్తారు, వాళ్ళు సెలవు అడగాల్సింది కన్సల్టెన్సీని. క్లయింట్ మేనేజర్‌కి సమాచారం ఇవ్వడం మర్యాద, కానీ ఆయన సరే అన్నంత మాత్రాన మీకు సెలవు వచ్చినట్టు కాదు.

అత్తగారికో మామగారికో ఆపరేషన్ అయితే ఈ చట్టం మీకు వర్తించదు. మీ భార్య లేదా భర్త వాళ్ళ ఉద్యోగంలో వాళ్ళు అడగాలి. కొన్ని రాష్ట్రాలకి వేరే చట్టాలున్నాయి, కాలిఫోర్నియాలో అత్తమామలు కూడా లెక్కలోకి వస్తారు, అక్కడా న్యూజెర్సీ, న్యూయార్క్, వాషింగ్టన్ లాంటి చోట్లా కొంత జీతం వచ్చే ఫ్యామిలీ లీవ్ పథకాలున్నాయి. టెక్సాస్‌లో ఉన్న రవికి ఆ అవకాశం లేదు, కేంద్ర చట్టమే దిక్కు.

ఇంట్లో అన్నయ్య ఉన్నాడు కదా, మరి నువ్వెందుకు అని ఎవరైనా అడిగితే కంగారుపడకండి. చూసుకోడానికి ఇంకెవరూ లేరని మీరు నిరూపించాల్సిన పనిలేదు, నిబంధనల్లోనే అది స్పష్టంగా ఉంది. దగ్గరుండి ధైర్యం చెప్పడం కూడా చూసుకోవడం కిందికే వస్తుంది. కాబట్టి ఉత్తరంలో "నేను ఒక్కడినే కొడుకుని" లాంటివి నిజమైనా కాకపోయినా రాయనవసరం లేదు.

హెచ్‌1బీ వాళ్ళకి ఇంకో భయం ఉంటుంది, జీతం లేకుండా ఉంటే స్టేటస్ పోతుందేమో అని. పని లేదని కంపెనీ మిమ్మల్ని జీతం లేకుండా కూర్చోబెట్టడం వేరు, మీ సొంత అవసరానికి మీరు అడిగి తీసుకున్న సెలవు వేరు. జబ్బు పడిన బంధువుని చూసుకోడానికి ఉద్యోగి కోరి తీసుకున్న సెలవుకి జీతం ఇవ్వనక్కర్లేదని హెచ్‌1బీ నిబంధనల్లోనే ఉంది. అందుకే ఉత్తరంలో "నా అభ్యర్థన మీద" అన్న మాట తప్పక ఉండాలి. తర్వాత పే స్టబ్‌లలో ఖాళీ ఎందుకుందని ఎవరైనా అడిగితే ఆ ఉత్తరమూ దాని మీద వచ్చిన ఆమోదమూ మీ దగ్గర ఉండాలి.

ఎవరికి ముందు, ఎప్పుడు

తేదీ తెలిసిన రోజో, మర్నాడో. ముందే తెలిసిన ఆపరేషన్ అయితే 30 రోజుల ముందు చెప్పాలని చట్టం అంటుంది. అంత వ్యవధి లేకపోతే తెలిసిన వెంటనే, అంటే ఆ రోజే లేదా తర్వాతి పనిదినం. రవికి ఫిబ్రవరి 18న తెలిసింది, 19న రాశాడు, ప్రయాణానికి పదిహేను రోజులే ఉన్నా తప్పులేదు. అదే, వారం రోజులు మనసులో పెట్టుకుని, టికెట్ కొనేసి, అప్పుడు చెప్తే "ముందే కొనుక్కుని ఇప్పుడు అడుగుతున్నావా" అన్న మాట వస్తుంది, దానికి జవాబుండదు.

మెయిల్‌కి ముందు మేనేజర్‌తో పది నిమిషాలు మాట్లాడండి. నాన్నగారికి ఆపరేషన్, ఫలానా తేదీల్లో ఉండాలి, ఇప్పుడే మెయిల్ పెడుతున్నాను, హెచ్‌ఆర్‌ని కూడా కలుపుతున్నాను, అంతే. మాటల్లో "సరే వెళ్ళిరా, నేను చూసుకుంటా" అనేస్తారు చాలామంది మంచి మేనేజర్లు. ఆ మాటతో ఆగిపోకండి, అదేరోజు రాయండి. మేనేజర్ మారినా, లేఆఫ్‌లు వచ్చినా, మిగిలేది రాసిందే.

ఉత్తరం

మెయిల్ ఇంగ్లీషులోనే పంపాలి, కానీ ముందు తెలుగులో రాసుకోండి. మనం ఇంగ్లీషులో మొదలుపెడితే పాత ఆఫీసు ఉత్తరాల భాష వచ్చేస్తుంది, క్షమాపణలు ఎక్కువై విషయం మూడో పేరాలోకి పోతుంది. తెలుగులో చెప్పాల్సింది తేల్చుకుని, ఒక్కో వాక్యాన్నీ చిన్న ఇంగ్లీషు వాక్యంగా మార్చండి. సబ్జెక్ట్ లైన్‌లో మూడే ఉండాలి: ఫ్యామిలీ మెడికల్ లీవ్ అభ్యర్థన, మీ పేరు, తేదీలు. "అర్జెంట్" అని పెట్టొద్దు, తేదీలే ఆ పని చేస్తాయి.

రవి రాసుకున్నది ఇది:

"మా నాన్నగారికి మార్చి 9న ఇండియాలో గుండె ఆపరేషన్ నిర్ణయించారు. ఈ విషయం నాకు నిన్న తెలిసింది. ఆయన్ని చూసుకోడానికి మార్చి 6 శుక్రవారం నుంచి మార్చి 27 శుక్రవారం వరకు, మొత్తం 16 పనిదినాలు, నా అభ్యర్థన మీద సెలవు కోరుతున్నాను. మార్చి 30 సోమవారం తిరిగి పనిలోకి వస్తాను.

నాకు ఏడు రోజుల పీటీవో ఉంది. మార్చి 6 ప్రయాణానికి అందులో ఒక రోజు వాడుకుంటాను. మార్చి 9 నుంచి 27 వరకు ఎఫ్‌ఎంఎల్‌ఏ కింద సెలవుగా పరిగణించమని కోరుతున్నాను, అందులో ఆరు రోజులకి మిగిలిన పీటీవో, తొమ్మిది రోజులకి జీతం లేని సెలవు.

నాన్నగారు మార్చి 7న ఆస్పత్రిలో చేరతారు, సుమారు 16న డిశ్చార్జ్ అవుతారు, ఆ తర్వాత రెండు వారాలు ఇంట్లో సాయం అవసరమని సర్జన్ చెప్పారు. వైద్య కారణాల వల్ల ఆపరేషన్ వారం వరకు వాయిదా పడే అవకాశం ఉంది. అలా జరిగితే ఏప్రిల్ 3 వరకు, అంటే ఇంకో ఐదు పనిదినాలు కావాల్సి ఉంటుంది. ఏ సంగతీ మార్చి 10లోగా మీకు రాస్తాను.

మార్చి నెలాఖరు రిలీజ్‌లో నా భాగం 4వ తేదీకి పూర్తవుతుంది. ప్రొడక్షన్ సపోర్ట్ ఎవరికి అప్పగించాలో మీరు చెబితే మార్చి 2 నుంచి వాళ్ళకి అన్నీ చూపిస్తాను. వివరాలు రాసిన డాక్యుమెంట్ 5వ తేదీ మధ్యాహ్నానికి పంపుతాను.

హెచ్‌ఆర్‌కి: నా అర్హతని తెలియజేసి, డాక్టర్ సర్టిఫికెట్ కోసం కావాల్సిన ఫారం ఈ వారంలో పంపగలరా? ఆస్పత్రి ఇండియాలో ఉంది కాబట్టి పూర్తి చేయించడానికి సమయం పడుతుంది."

అంతే, ఇంతకన్నా అక్కర్లేదు. కొన్ని సంగతులు గమనించండి. అడిగిన వాక్యంలో "వీలైతే", "దయచేసి పరిశీలించగలరు" లాంటివి లేవు. అవి పెడితే ఇది మామూలు వెకేషన్ అడిగినట్టు చదువుకుంటారు, "ఏప్రిల్‌లో వెళ్ళకూడదా" అన్న జవాబు వస్తుంది. ప్రయాణపు రోజుని వేరుగా పీటీవోలో పెట్టాడు, ఎందుకంటే డాక్టర్ సర్టిఫికెట్ 7వ తేదీ నుంచే మొదలవుతుంది, దాని బయట ఉన్న రోజు గురించి ఎవరూ ప్రశ్న వేయకుండా. చాలా కంపెనీలు పీటీవో ముందు అయిపోవాలని పట్టుబడతాయి, చట్టం దానికి ఒప్పుకుంటుంది, కాబట్టి పీటీవో దాచుకుని మొత్తం జీతం లేని సెలవు అడుగుదామనుకుంటే ముందు పాలసీ చూసుకోండి.

వాయిదా సంగతి ముందే రాయడం వల్ల సెలవు దొరకదేమో అని కొందరు భయపడి దాచేస్తారు. నా అనుభవంలో అది తిరగబడుతుంది. ఇక్కడ ఉండగా చెప్పిన ఐదు రోజులు ప్లాన్‌లో భాగం, అక్కడికి వెళ్ళాక చెప్పిన ఐదు రోజులు మాట తప్పడం.

ల్యాప్‌టాప్ తీసుకెళ్ళి రాత్రిళ్ళు పనిచేస్తానని మాత్రం రాయకండి. మంచితనంతో అలా రాసేవాళ్ళు ఎక్కువ. ఐసీయూ బయట కుర్చీలో పడుకుని లేచినవాడు రాత్రి పది గంటలకి స్టాండప్ కాల్‌లో కూర్చోలేడు, ఆ మాట నిలబెట్టుకోలేక ఇద్దరి దగ్గరా చెడ్డవాడవుతాడు. పైగా చాలా కంపెనీలు అనుమతి లేకుండా వేరే దేశం నుంచి సిస్టమ్‌లోకి లాగిన్ అవ్వడాన్ని తప్పుగా చూస్తాయి. సెలవు అంటే సెలవు. ఏదైనా పాస్‌వర్డో ఫైలో ఎక్కడుందో అడిగితే మెసేజ్‌లో చెప్పడం వేరే సంగతి.

యాంజియోగ్రామ్ రిపోర్టులు ఆ మెయిల్‌కి జతచేయొద్దు. మేనేజర్‌కి నాన్నగారి గుండెలో ఏ రక్తనాళం ఎంత శాతం మూసుకుపోయిందో తెలియాల్సిన పనిలేదు. వైద్య కాగితాలు హెచ్‌ఆర్‌కే, వాళ్ళు అడిగినప్పుడే. డాక్టర్‌తో నిర్ధారించుకోవాల్సి వచ్చినా హెచ్‌ఆర్ చేయాలి తప్ప మీ మేనేజర్ నేరుగా ఆస్పత్రికి ఫోన్ చేయకూడదు.

డాక్టర్ సర్టిఫికెట్: ఎక్కువ మందికి చిక్కు వచ్చేది ఇక్కడే

మీరు రాశాక ఐదు పనిదినాల్లో అర్హత ఉందో లేదో హెచ్‌ఆర్ చెప్పాలి. దాంతోపాటు సాధారణంగా `WH-380-F` అనే ఫారం వస్తుంది. కుటుంబ సభ్యుల అనారోగ్యానికి కార్మిక శాఖ తయారుచేసిన ఫారం అది. మొదటి భాగం కంపెనీది, రెండోది మీది, మూడోది డాక్టర్‌ది. వాళ్ళు అడిగిన రోజు నుంచి కనీసం 15 రోజులు గడువు ఇస్తారు, ఇవి క్యాలెండర్ రోజులు, శనాదివారాలు కలిపే.

ఇండియా డాక్టర్ సంతకం చెల్లుతుందా? చెల్లుతుంది. తల్లిదండ్రులు వేరే దేశంలో ఉంటే ఆ దేశంలో ప్రాక్టీస్ చేసే డాక్టర్ ఇచ్చిన సర్టిఫికెట్ కంపెనీ తీసుకోవాలి. ఇంగ్లీషులో లేకపోతే అడిగినప్పుడు అనువాదం ఇవ్వాలి, మన ఆస్పత్రుల కాగితాలు ఎలాగూ ఇంగ్లీషులోనే ఉంటాయి కాబట్టి ఆ బెంగ లేదు.

బెంగంతా కాగితంలో ఏం రాస్తారన్నదాని మీదే. మీ బావగారు కౌంటర్ దగ్గరికి వెళ్ళి "అమెరికా ఆఫీసుకి సర్టిఫికెట్ కావాలి" అంటే, డ్యూటీ డాక్టర్ రెండు లైన్లు రాసి స్టాంప్ వేసి ఇస్తారు: ఫలానా ఆయన ఫలానా తేదీన మా ఆస్పత్రిలో చేరారు, బైపాస్ చేయించుకుంటున్నారు. అది చూసి హెచ్‌ఆర్ అసంపూర్ణం అంటుంది, వాళ్ళు అనడంలో తప్పులేదు. అందులో ఉండాల్సినవి ఇవి: జబ్బు ఎప్పుడు బయటపడింది, ఎంతకాలం ఉంటుందని అంచనా, ఆస్పత్రిలో ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఆ తర్వాత ఏయే పనులకి ఇంకొకరి సాయం కావాలి, ఆ సాయం ఏ తేదీ వరకు. చివరి రెండే దాదాపు ఎప్పుడూ ఉండవు, అసలు మీ సెలవు నిలబడేది ఆ రెండింటి మీదే.

అందుకని ఫారం వట్టిగా పంపకండి. రెండో భాగం మీరు నింపి, మూడో భాగం పక్కన ఏ గడిలో ఏం కావాలో తెలుగులో రాసిన ఒక కాగితం పెట్టి, వాట్సాప్‌లో పంపి, ప్రింట్ తీయించి, ఆపరేషన్‌కి ముందే సర్జన్ ఓపీ ఉన్న రోజు తీసుకెళ్ళమనండి. ఆపరేషన్ రోజుల్లో ఆ డాక్టర్ దొరకరు. ముందు ఆయన సహాయకుడినో కోఆర్డినేటర్‌నో కలిసి, మర్యాదగా విషయం చెప్పి, కాగితం ఉంచి, సాయంత్రం వచ్చి తీసుకుంటామంటే పని తేలిగ్గా అవుతుంది. సంతకం ఒక్కటే చాలదు, డాక్టర్ పేరు, స్పెషాలిటీ, ఆస్పత్రి చిరునామా, ఫోన్, తేదీ చదవగలిగేలా ఉండాలి. ఫోన్‌లో ఫొటో కాకుండా స్కాన్ చేయించండి, మడత మీద నీడ పడి తేదీ కనిపించలేదని తిరిగొచ్చిన కాగితాలు చూశాను.

ఈ అమెరికా ఫారం మేం నింపం అని కొన్ని ఆస్పత్రులు అంటాయి. గొడవ పడొద్దు. అవే వివరాలు ఆస్పత్రి లెటర్‌హెడ్ మీద రాసిచ్చినా సరిపోతుంది, కావాల్సినవన్నీ ఉంటే ఫారం రూపంలో లేదని కంపెనీ తిప్పికొట్టకూడదు. ఒకవేళ ఏదైనా తక్కువైందంటే, ఏం తక్కువో రాతపూర్వకంగా చెప్పి సరిచేసుకోడానికి ఏడు రోజులు ఇవ్వాలి. "సర్టిఫికెట్ సరిపోలేదు" అని ఒక్క ముక్క వస్తే, ఏ గడి సరిపోలేదో అడగండి, లేకపోతే మళ్ళీ అదే కాగితం ఇంకోలా తెచ్చి ఇస్తారు.

కాగితాలన్నీ అందాక హెచ్‌ఆర్ నుంచి సెలవు ఎఫ్‌ఎంఎల్‌ఏ కింద మంజూరైందని నోటీసు రావాలి. అందులో తేదీలు మీరు రాసినవేనా చూసి, పీడీఎఫ్ మీ సొంత మెయిల్‌కి పంపుకోండి, ఒక ప్రింట్ పాస్‌పోర్ట్‌తో పెట్టుకోండి.

చట్టం వర్తించకపోతే

ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు, లేదా కంపెనీలో ముప్పై మందే ఉన్నారు. అప్పుడు ఇది నిజంగా అభ్యర్థనే, కానీ ఉత్తరం పెద్దగా మారదు. ఎఫ్‌ఎంఎల్‌ఏ అన్న వాక్యం తీసేసి, దాని చోట "మిగిలిన తొమ్మిది రోజులు జీతం లేని వ్యక్తిగత సెలవుగా ఇవ్వమని కోరుతున్నాను" అని పెట్టండి, తేదీలు, వాయిదా సంగతి, పని అప్పగింత అలాగే ఉంచండి. ఇక్కడ బేరానికి చోటు ఉంచుకోవాలి. పదహారు రోజులు కుదరదంటే ఏ రోజులు వదులుకోగలరో ముందే ఆలోచించుకోండి. చాలామంది ఆపరేషన్ రోజు పక్కనుండాలని వెళ్ళి, డిశ్చార్జ్ కాకముందే వచ్చేస్తారు. బైపాస్‌లో మనిషి అవసరం ఎక్కువ పడేది ఇంటికొచ్చాకే. ఐసీయూలో ఉన్నన్నాళ్ళూ మిమ్మల్ని కాసేపు చూడనిస్తారు, అంతే. ఆ రోజులు అన్నయ్య ఉండగలిగితే, మీరు డిశ్చార్జ్‌కి రెండు రోజుల ముందు దిగి తర్వాతి రెండు వారాలూ ఉండటం అందరికీ మేలు. పనిదినాలు కూడా పదకొండు పన్నెండుకి తగ్గుతాయి. కానీ ఆపరేషన్ ముందు నాన్నగారిని చూడకుండా ఉండలేను అనిపిస్తే అదీ న్యాయమే, ఆ లెక్క మీ ఇంట్లోవాళ్ళతో కూర్చుని తేల్చుకోవాల్సింది. ఏది ఒప్పుకున్నా, ఆమోదం మాత్రం మెయిల్‌లో తీసుకోండి.

అక్కడికెళ్ళాక రోజులు పెరిగితే

ఆపరేషన్ తర్వాత గుండె లయ తప్పడం, కుట్టు దగ్గర ఇన్‌ఫెక్షన్, ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరడం లాంటివి డిశ్చార్జ్‌ని వెనక్కి నెట్టొచ్చు. అలాంటిది జరిగిన రోజో మర్నాడో రాయండి, తిరుగు ప్రయాణం ముందురోజు రాత్రి కాదు. రవి అయితే ఇలా రాస్తాడు: "నాన్నగారికి ఇన్‌ఫెక్షన్ వల్ల డిశ్చార్జ్ 16 నుంచి 21కి మారింది. నా సెలవుని మార్చి 27 నుంచి ఏప్రిల్ 3 వరకు పొడిగించమని కోరుతున్నాను, ఏప్రిల్ 6 సోమవారం పనిలోకి వస్తాను. డాక్టర్ నుంచి కొత్త తేదీలతో కాగితం ఈ వారంలో హెచ్‌ఆర్‌కి పంపుతాను." 12 వారాల్లో రవికి ఖర్చయ్యేది అప్పటికి నాలుగే, కాబట్టి మిగిలినవి ఆ ఏడాదిలో తర్వాత అవసరానికి ఉంటాయి. డిశ్చార్జ్ సమ్మరీ చేతికొచ్చాక అక్కడే కౌంటర్ దగ్గరే తేదీలు సరిచూసుకోండి, సర్టిఫికెట్‌లో ఒక తేదీ సమ్మరీలో ఇంకో తేదీ ఉంటే అప్పటికప్పుడు దిద్దించండి, అమెరికా వచ్చాక ఆ దిద్దుబాటు కోసం మళ్ళీ బావగారు తెనాలి నుంచి గుంటూరు తిరగాలి.